నా బుగ్గ కింద జి కాలమ్

నా ముఖం మీద నాకు మొన్న సంక్రాంతి దాకా మంచి అభిప్రాయమే ఉండేది.

మాది తెనాలి. పగలు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. రాత్రి భోజనాలయ్యాక పడగ్గది తలుపేసుకుని, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ యూట్యూబులో తెలుగువాళ్లకి ఎక్సెల్ నేర్పుతాను. రెండేళ్లుగా నా వీడియోల్లో కనబడేది తెర ఒక్కటే. గళ్ళు, గళ్ళలో అంకెలు, వాటి మీద తిరిగే బాణం గుర్తు, వెనకాల నా గొంతు. మధ్యమధ్య కుక్కరు కూతలు. ఆ కూతల్ని తీసేయడం నాకు చేతకాదు, కూతల వేళకి రికార్డింగు ఆపడం నాకు గుర్తుండదు.

సంక్రాంతికి మా బావమరిది హైదరాబాదు నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ప్రతిదానికీ ఒక సలహా. రెండో అరిసె చేతిలో ఉండగా నా వీడియో ఒకటి చూసి, "బావా, ఇందులో మీరెక్కడ?" అన్నాడు.

"వెనకాల ఉన్నాను కదా, వినబడటం లేదూ?"

"వినబడితే ఏం లాభం? జనం మనిషిని చూస్తారు గానీ గళ్ళని చూస్తారా? ముఖం పెట్టండి. రిటెన్షన్ ఎలా లేవదో నేను చూస్తాను."

రిటెన్షన్ అంటే వేరే ఏమీ కాదు. వీడియో మొదలుపెట్టినవాళ్లలో ఏ క్షణానికి ఎందరు మిగిలారో యూట్యూబు వాళ్లు ఒక గీత గీసి చూపిస్తారు. ఎడమవైపు నూటికి నూరుతో మొదలై కుడివైపుకి జారిపోతూ ఉంటుంది. శ్రావణమాసం పేరంటంలో వాయనం పుచ్చుకున్నాక ఎందరు కూర్చుంటారు, ఎందరు చెప్పులు వెతుక్కుంటారు అన్న లెక్క లాంటిది. నా గీత ఎప్పుడూ చెప్పులు వెతుక్కునే గీతే.

కనుమ వెళ్లిన మర్నాడే వెబ్‌క్యామ్, రింగ్ లైటు కొన్నాను. ధర మా ఆవిడకి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఆవిడ ఇది చదువుతుంది. నీలం చొక్కా ఇస్త్రీ చేయించాను. జుట్టుకి రంగు వేయించలేదు గానీ, వేయిస్తే ఎలా ఉంటుందని మంగలి షాపులో అడిగి వచ్చాను. మొదటి రికార్డింగులో నా కళ్ళద్దాల్లో రింగ్ లైటు మెరిసి, రెండు కళ్ళలో రెండు మినప్పిండి గారెలు వేసుకున్నట్టు వచ్చింది. దీపం కాస్త పైకి లేపి పక్కకి తిప్పితే గారెలు పోయాయి. ఆ పాటి తెలుసుకోవడానికి రెండు రాత్రులు పట్టింది.

పాఠం పేరు VLOOKUP. మా కొట్లో రోజూ వాడేదే. ఒకవైపు అమ్మకాల చిట్టా, ఇంకోవైపు ధరల పట్టీ. చిట్టాలో సరుకు కోడు చూసి, పట్టీలో ధర వెతికి తెచ్చి పెట్టే సూత్రం. దాన్నే రెండు నెలల ముందు ముఖం లేకుండా చెప్పి ఉన్నాను, అయిదు నిమిషాల్లో. ఇప్పుడు ముఖంతో చెప్పాను, తొమ్మిది నిమిషాలు పట్టింది. ఈ నాలుగు నిమిషాలు ఎక్కడ పోయాయో అప్పట్లో నేను ఆలోచించలేదు.

రెండు రోజులాగి లెక్కలు తెరిచాను. పాత వీడియోని సగటున ఒక్కొక్కరు చూసిన సమయం 2 నిమిషాల 45 సెకన్లు. కొత్తది 3 నిమిషాల 36 సెకన్లు. కుర్చీలోంచి లేచి వంటింట్లోకి నడిచాను. ఆ నడకని మా అమ్మాయి తరవాత చాలా రోజులు అనుకరించింది.

"ఏమోయ్, యాభై ఒక్క సెకన్లు. ఒక్క ముఖానికి."

మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. చిక్కుడుకాయలు ఒలుస్తూనే అడిగింది. "ఆ వీడియో ఎంత పొడుగండీ?"

"తొమ్మిది."

"పాతది?"

"అయిదు."

"అయిదులో రెండు ముప్పావంటే నూటికి యాభై అయిదు. తొమ్మిదిలో మూడున్నర చిల్లరంటే నూటికి నలభై. పదిహేను తగ్గింది. ఆ మూకుడు ఇటివ్వండి."

మూకుడు ఇచ్చాను. అలా నా ముఖం విలువ మూకుడు అందించేలోగా యాభై ఒక్క సెకన్ల లాభం నుంచి పదిహేను పాళ్ల నష్టానికి దిగింది. ఆవిడ మీద కోపం వచ్చిందనడం అబద్ధం, లెక్క మీద వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే ఆ రాత్రి నా ముఖం చూసి ఆవిడే జాలిపడి ఇంకో మాట చెప్పింది. ఆ శాతం కూడా న్యాయమైన లెక్క కాదట. పొట్టి వీడియోకి శాతం ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. పొడుగు వీడియోకి నిమిషాలు ఎక్కువ వస్తాయి. కాబట్టి ఎవరికి ఏది అనుకూలమో వాళ్లు అది పట్టుకుంటారు, నేను పట్టుకున్నట్టే. సరైన పద్ధతి రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి ఒకే సెకను దగ్గర కోసి చూడటం. ముప్పయ్యో సెకను దగ్గర ఎందరున్నారు, రెండో నిమిషం దగ్గర ఎందరున్నారు.

కోసి చూశాం. ముప్పయ్యో సెకనుకి పాతదాంట్లో నూటికి డెబ్భై ఒక్కరు ఉన్నారు. ముఖం ఉన్నదాంట్లో యాభై ఎనిమిది మంది.

"అంటే నా ముఖం చూసి పదమూడు మంది పారిపోయారా?"

"తొందరపడకండి. ముప్పై సెకన్లలో మీరేం చేశారో చూద్దాం," అని వీడియో పెట్టింది.

ఇక్కడే అసలు సిగ్గు. పాత వీడియోలో మొదటి మాటే "ఈ పట్టీలోంచి ధర ఈ గడిలోకి రావాలి" అని ఉంది. కొత్తదాంట్లో ముందు నమస్కారం. తరవాత అందరూ బాగున్నారా అన్న పరామర్శ. తరవాత చాలాకాలంగా చాలామంది నన్ను చూడాలని అడుగుతున్నారన్న మాట. అడిగింది మా బావమరిది ఒక్కడు. ఆపైన సంక్రాంతి శుభాకాంక్షలు, అప్పటికి పండగ వెళ్లి వారం. మొత్తం నలభై ఎనిమిది సెకన్లు, ఎక్సెల్ పేరు ఎత్తకుండా.

మనిషి కెమెరా ముందు కూర్చుంటే మాట దానంతటదే వచ్చేస్తుందని అప్పుడు తెలిసింది. ఉత్త తెరతో మాట్లాడేటప్పుడు నేను గుమస్తాని. ముఖం కనబడగానే ముఖ్య అతిథిని. ఆ నాలుగు నిమిషాలు అలా పోయాయన్నమాట. పారిపోయిన పదమూడు మందీ ముఖాన్ని చూసి పోయారో, ఉపన్యాసం విని పోయారో ఈ రెండు వీడియోలు పోల్చి ఎవడూ చెప్పలేడు. రెండు మార్పులు ఒకేసారి చేసి ఒకదానికి పేరు పెడితే ఇంతే.

ఇంకో గొడవా ఉంది. ఆ రెండు వీడియోలకి వచ్చిన జనం ఒకే జనం కాదు. పాతదానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది యూట్యూబులో వెతుక్కుని వచ్చారు. తెల్లారేసరికి యజమానికి లెక్క చూపించాల్సిన గుమస్తాలు. వాళ్లకి సూత్రం దొరికితే చాలు. దొరకగానే వెళ్లిపోతారు, అది నా తప్పు కాదు, నిజానికి నా పని అయినట్టు. కొత్తదానికి వచ్చినవాళ్లలో సగం మంది వాట్సాప్ నుంచి. అంటే మా వంశవృక్షం. నా ముఖం వచ్చిందని బావమరిది అన్ని కుటుంబ గ్రూపుల్లోనూ పెట్టాడు. వాళ్లు తెరిచి, "అబ్బాయి కాస్త ఒళ్లు చేశాడు" అనుకుని, ఒక బొటనవేలు బొమ్మ పంపి మూసేశారు. వచ్చిన దారి వారీగా విడదీసి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. వెతుక్కుని వచ్చినవాళ్ల వరకే తీసుకుంటే రెండు వీడియోల మధ్య తేడా సగానికి తగ్గింది.

అయినా నాకొక ఆశ మిగిలి ఉంది. దాన్ని దాచిపెట్టి చివర్లో బయటపెడదామనుకున్నాను, ఆగలేకపోయాను.

ముఖం వీడియో గీతలో 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర ఒక గుట్ట ఉంది. మామూలుగా ఆ గీత దిగడమే గానీ లేవదు, పోయినవాడు తిరిగి రాడు కనక. అది పైకి లేచిందంటే జనం వెనక్కి జరిపి ఆ ముక్క మళ్లీ చూశారన్నమాట, లేదా ముందున్నది దాటేసి సరిగ్గా అక్కడికి దూకారన్నమాట. పాత వీడియోలో అలాంటి గుట్ట లేదు. నేను ఆ ముక్క పెట్టి చూసుకున్నాను. కుడిచేతి కింద మూలలో గుండ్రటి బిళ్ళలో నేను. తల కొంచెం వంచి చిన్నగా నవ్వుతున్నాను. నవ్వు బాగుంది. నాకే రెండోసారి చూడాలనిపించింది. ఇంక ఊళ్లోవాళ్లకి అనిపించడంలో వింతేముంది?

ఇంటిల్లిపాదినీ పిలిచాను. అత్తగారు కూడా కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. గుట్ట చూపించాను, ముక్క చూపించాను, నవ్వు దగ్గర ఆపాను.

మా అమ్మాయి ఇంటరు రెండో సంవత్సరం. దగ్గరికొచ్చి తెర మీద వేలు పెట్టింది.

"నాన్నా, నువ్వక్కడ ఏమంటున్నావో విన్నావా?"

"ఏమంటున్నాను?"

"'ఇక్కడ ధర సరిగ్గా వచ్చిందో లేదో జి కాలమ్‌తో సరిచూసుకోండి' అంటున్నావు. జి కాలమ్ ఏది?"

వెతికాను. ఎ నుంచి ఎఫ్ దాకా ఉన్నాయి. ఎఫ్ పక్కన నా చెవి మొదలైంది.

"నీ బుగ్గ కింద ఉంది," అంది.

అత్తగారు నవ్వలేదు; ఆవిడకి జి కాలమ్ అంటే తెలియదు. తక్కిన ఇద్దరూ ఆ లోటు తీర్చారు.

పాఠం ఎలా అమర్చానో చెబితే గానీ నా ఘనకార్యం పూర్తిగా అర్థం కాదు. ఎ కాలమ్‌లో అమ్మిన సరుకు కోడు. సి కాలమ్‌లో ధర రావాలి. ధరల పట్టీ కుడివైపు, ఎఫ్‌లో కోడు, జిలో ధర. సి రెండో గడిలో రాసిన సూత్రం ఇది:

```
=VLOOKUP(A2,$F$2:$G$40,2,FALSE)
```

ఎ2లో ఉన్న కోడుని ఎఫ్‌లో వెతికి, పట్టీలో రెండో వరస అయిన జి నుంచి ధర తెమ్మని దీనర్థం. చివర్లో ఉన్న FALSE ప్రాణం లాంటిది. అది రాయకపోతే ఎక్సెల్ "దగ్గర దగ్గర" కోడుతో సరిపెట్టుకుంటుంది. కోడులు వరస క్రమంలో లేకపోతే తప్పు ధర తెచ్చి పెడుతుంది, తప్పని చెప్పను కూడా చెప్పదు. 266 రూపాయల 50 పైసల యూరియా బస్తా మీద 1350 రూపాయల డీఏపీ ధర పడినా గడి నిండుగా, నిమ్మళంగా కనబడుతుంది. అందుకే రాసిన ప్రతివాడూ ఒకటి రెండు ధరలు పట్టీతో సరిచూసుకోవాలి. సరిగ్గా ఆ సరిచూసుకునే చోట నేను నవ్వుతూ కూర్చున్నాను. పాపం జనం వెనక్కి జరిపి, మళ్లీ జరిపి, నా బుగ్గ ఎప్పుడు తొలుగుతుందా అని చూశారు. ఆ చూపుల్ని నేను అభిమానం కింద జమకట్టాను.

గుట్ట కనబడితే అది ప్రేమో చిరాకో గీతలో రాసి ఉండదు. ఆ సెకను దగ్గర వీడియో పెట్టి, కొత్తవాడి కంటితో చూడాలి. అదీ ఫోన్లో చూడాలి. నేనైతే పెద్ద మానిటర్లో చూసుకున్నాను. మా అమ్మాయి ఫోను నిలువుగా పట్టుకుని చూపించింది. వీడియో మొత్తం ఏడు సెంటీమీటర్ల వెడల్పు కూడా లేదు. అందులో నా బిళ్ళ బొటనవేలి గోరంత. నీలం చొక్కా, ఇస్త్రీ, చిరునవ్వు, గారెలు తీసిన కళ్ళద్దాలు, అన్నీ కలిపి గోరంత. అంకెలు ఆవగింజంత. గోరంత నాకోసం ఆవగింజలన్నీ బలి అయ్యాయి. పోనీ తెరని కుదించి పక్కన ఖాళీలో నేను కూర్చుందామా అంటే ఆవగింజలు గసగసాలవుతాయి.

అప్పుడు బావమరిదికి ఫోన్ చేశాను. అతను లొంగే రకం కాదు. "బావా, ఇది మీ ఒక్కరి వీడియో. అమెరికాలో ఎడెక్స్ కోర్సుల మీద 2014లో చూశారు. నాలుగు కోర్సులు, 862 వీడియోలు, 69 లక్షల వీక్షణలు. స్లైడ్లు మాత్రమే ఉన్నవాటి కంటే మధ్యమధ్య మాస్టారి ముఖం వచ్చేవాటిని జనం ఎక్కువసేపు చూశారని తేల్చారు," అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది.

మా ఆవిడ వంటింట్లోంచే, "మధ్యమధ్య అన్నారా, పొద్దస్తమానం అన్నారా?" అంది.

"మధ్యమధ్యే అనుకో అక్కా..."

"ఆ ముఖం పెట్టినవాళ్లూ పెట్టనివాళ్లూ ఒకే పాఠం చెప్పారా?"

చెప్పలేదు. ఉన్న వీడియోల్ని ఉన్నట్టుగా లెక్కపెట్టారు తప్ప, ఒకే పాఠాన్ని రెండు రకాలుగా తీసి పంచిపెట్టలేదు. ముఖం పెట్టేంత శ్రద్ధ ఉన్న మాస్టారు తక్కిన శ్రద్ధలు కూడా పెట్టి ఉండొచ్చు. అదే అధ్యయనంలో ముఖం అస్సలు లేకుండా, చేత్తో పలక మీద రాసినట్టు గీస్తూ చెప్పే వీడియోలు కూడా ఉత్త స్లైడ్ల కంటే బాగా నిలబెట్టాయని ఉందని ఆవిడే ఆ రాత్రి చదివి చెప్పింది. అంటే జనానికి కావలసింది ముఖమే కానక్కర్లేదు, ఏదో ఒకటి కదులుతూ చేస్తున్న మనిషి జాడ అయి ఉండొచ్చు. నా బాణం గుర్తు కూడా ఒక జాడే కదా అని నేను అంటే, "మీ బాణం గుర్తు మీకన్నా నిలకడగా ఉంటుంది," అంది.

ఇంక ఒకే పాఠం రెండు రకాలుగా తీయక తప్పలేదు. యూట్యూబులో రెండు బొమ్మలు, రెండు పేర్లు పెట్టి ఏది నయమో చూసుకునే ఏర్పాటు ఉంది గానీ, అది పైన అట్ట కోసమే; లోపలి వీడియోని అలా రెండుగా పెట్టి చూడటానికి లేదు. కాబట్టి ఆ పంపకం మేమే చేయాలి. రెండింట్లో తేడా ముఖం ఒక్కటే ఉండాలి, మాట అక్షరం మారకూడదు. రెండుసార్లు చెబితే రెండోసారి నేను తప్పకుండా ఏదో ఒకటి కలుపుతాను. అది నా జబ్బు. ఒక్కసారే చెప్పాలి. ఓబీఎస్‌లో ముఖాన్నీ తెరనీ ఒకే బొమ్మగా అతికించి రికార్డు చేస్తే తరవాత విడదీయడానికి రాదు. ముఖం వీడియోలో నా బుగ్గ శాశ్వతంగా ఉండిపోవడానికి కారణం అదే. అందుకని తెరని ఓబీఎస్‌లో, ముఖాన్ని విడిగా ఫోన్లో తీయాలి. రెంటినీ తరవాత కలపాలంటే ఒక గుర్తు కావాలి. మొదట్లో ఒక చప్పట కొడితే సరి. రెండు రికార్డింగుల్లోనూ ఆ చప్పుడు పొడుచుకుని కనబడుతుంది, ఆ రెండు పొడుపుల్నీ కలిపితే పెదవీ మాటా కలుస్తాయి.

పదిసార్లు తప్పులొచ్చాయి. పదిసార్లు చప్పట్లు కొట్టాను. తలుపవతల అత్తగారు మా ఆవిడతో అంటున్నారు. "దోమలు అంత ఉన్నాయా ఆ గదిలో? పాపం, చదువు చెప్పుకోనివ్వడం లేదు." పదకొండో చప్పటకి తలుపు సందులోంచి దోమల చుట్ట, అగ్గిపెట్టె లోపలికి వచ్చాయి.

ఉపోద్ఘాతం లేకుండా, జి కాలమ్ మీద పడకుండా బిళ్ళని కుడివైపు పై మూలకి జరిపి, నాలుగున్నర నిమిషాల్లో పాఠం ముగించాను. దాన్నే బిళ్ళతో ఒకటి, బిళ్ళ లేకుండా ఒకటి చేసి, లింకు ఉన్నవాళ్లకే కనబడేలా రెండూ ఎక్కించాను. తెలిసినాయన కంప్యూటర్ కోచింగు సెంటరులో 128 మంది ఉన్నారు. పొద్దుటి బ్యాచికి ఒకటి, సాయంత్రం బ్యాచికి ఒకటి పంపుదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. పొద్దున వచ్చేవాళ్లు ఉద్యోగాలు చేసేవాళ్లు, సాయంత్రం వాళ్లు కాలేజీ పిల్లలు. తేడా వస్తే ముఖానిదా, బ్యాచిదా? సరి సంఖ్య రోలు నంబర్లకి ఒకటి, బేసి నంబర్లకి ఒకటి పంపించింది. అరవై నాలుగు మంది అటు, అరవై నాలుగు మంది ఇటు.

మూడు రోజుల తరవాత శాతాల్ని మనుషుల్లోకి మార్చి వేసుకున్నాం. ముప్పయ్యో సెకనుకి ముఖం ఉన్నదాంట్లో 57 మంది, లేనిదాంట్లో 52. రెండో నిమిషానికి 44, 40. చివరికి 30, 31.

"గెలిచాను! మొదట్లో అయిదుగురు, మధ్యలో నలుగురు!" అన్నాను. చివరి అంకె చదవలేదు.

ఆవిడ ఏమీ మాట్లాడలేదు. దేవుడి గూట్లోంచి ముడుపు డబ్బా తెచ్చి, రూపాయి బిళ్ళలు అరవై నాలుగు లెక్కపెట్టి దుప్పట్లో పోసింది. అమ్మాయీ తనూ చెరో రెండు కొసలూ పట్టుకుని దుప్పటి ఎగరేసి నేలమీద పరిచారు. బొమ్మ పడినవి 29. మళ్లీ పోసి మళ్లీ ఎగరేశారు. 36.

"ఏడు తేడా. మొదటిసారి బిళ్ళలకీ రెండోసారి బిళ్ళలకీ ముఖం ఉందా?" అంది.

ఒక బిళ్ళ మంచం కిందికి పోయింది. వెతకడానికి నేనే దూరాను. అక్కడ ఉండగా ఆవిడ చెప్పింది విన్నాను. అరవై నాలుగు మందిలో ఒక్కడు లేచిపోతేనే ఒకటిన్నర శాతం మారుతుంది. నూటికి ఏడెనిమిది తేడా నిజమో కాదో నమ్మకంగా చెప్పాలంటే వైపుకి అయిదారు వందల మంది కావాలట. మొదట్లో ఉన్న తేడా నిజమే అయి ఉండొచ్చు, కాదనడం లేదు. కానీ చివరికి వచ్చేసరికి ఎవరూ ఎవరికీ తీసిపోలేదు.

అంతటితో వదిలితే మా ఆవిడ టీచరెందుకవుతుంది? "రిటెన్షన్ అంటే చూడటమేనా, గుర్తుండటం కాదా?" అని, అయిదు ప్రశ్నల పరీక్ష ఒకటి పెట్టించింది, వారం తరవాత. FALSE రాయకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకి సరైన జవాబు రాసినవాళ్లు ముఖం చూసినవాళ్లలో 22 మంది, చూడనివాళ్లలో 23. తక్కిన లెక్కల ప్రశ్నలూ అంతే. అయిదో ప్రశ్న మాత్రం ఆవిడ నాకు చెప్పకుండా కలిపింది. "సారు వేసుకున్న చొక్కా రంగేమి?" దానికి ముఖం చూసినవాళ్లలో దాదాపు అందరూ నీలం అని రాశారు. ఒకతను "లేత నీలం, కాలరు మడత పడలేదు" అని రాశాడు.

ఆ తరవాతే ఆవిడ స్టాన్‌ఫర్డ్ వాళ్ల ప్రయోగం ఒకటి నా ముందు పెట్టింది. అదీ 2014దే. స్లైడు మూలన మాస్టారి ముఖం ఉంచి, చూసేవాళ్ల కంటిపాపలు ఎటు తిరుగుతున్నాయో యంత్రంతో కొలిచారు. వాళ్ల చూపు నూటికి 41 వంతుల సమయం ముఖం మీదే ఉంది. 3.7 సెకన్లకోసారి ముఖానికీ స్లైడుకీ మధ్య అటూ ఇటూ తిరిగింది. ముఖం ఉన్నదే బాగుందన్నారు, దాంట్లోనే ఎక్కువ నేర్చుకున్నామన్నారు. పరీక్ష పెడితే గుర్తుండటంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందే చూపించి ఉంటే నా చప్పట్లు మిగిలేవి కదా అన్నాను. "చూపిస్తే నమ్మేవారా?" అంది. నమ్మేవాణ్ని కాను.

ఎక్సెల్‌కి ఆ 3.7 సెకన్ల లెక్క ఇంకా చేటు. స్లైడు కదలదు, వాడు నా మొహం చూసి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. నా తెర మీద ఆ లోపల నాలుగు నొక్కులు అయిపోతాయి. డాలరు గుర్తు వేసే ఎఫ్4 మీట నొక్కడం అర సెకను పని. వాడు నా చిరునవ్వు మీంచి తిరిగొచ్చేసరికి `F2:G40` కాస్తా `$F$2:$G$40` అయి కూర్చుంటుంది, ఎలా అయిందో తెలియదు. కిందికి సూత్రం లాగినప్పుడు వాడి పట్టీ జారిపోయి #N/A లు మొలుస్తాయి. అప్పుడు నన్ను తిట్టుకోవడానికి మాత్రం ముఖం గుర్తుంటుంది.

చివరికి రాజీ కుదిరింది. మొదటి పన్నెండు సెకన్లు తెరనిండా నేను: ఏ చిక్కు విప్పబోతున్నానో ఒక్క వాక్యంలో చెప్పి మాయమవుతాను. సూత్రం రాస్తున్నంతసేపూ తెర మాత్రమే, గళ్ళు రెండింతలు పెద్దవి చేసి. FALSE ఎందుకో చెప్పేటప్పుడు మౌసుకి పనేమీ ఉండదు కనక ఒక ఇరవై సెకన్లు మళ్లీ వస్తాను. తెర మీద పని జరగనప్పుడే ముఖానికి చోటు అన్నది మా ఇంటి ఒప్పందం. ఈ పద్ధతిలో ఇప్పటికి ఆరు పాఠాలు పెట్టాను. గీత మునుపటి కన్నా కొంచెం మెల్లగా దిగుతోంది. ముఖం వల్లనా, నమస్కారాలు మానేయడం వల్లనా అని నన్నడగొద్దు. రూపాయి బిళ్ళలు ఇంకా దుప్పట్లోనే ఉన్నాయి.

ఒక్కటి మాత్రం కొత్తగా కనబడుతోంది. వాట్సాప్ దారిన వచ్చినవాళ్లని విడదీసి చూస్తే సరిగ్గా పన్నెండో సెకను దగ్గర గీత బావిలో పడ్డట్టు పడుతోంది. కారణం నిన్న రాత్రి తెలిసింది. అత్తగారు హాల్లో నా కొత్త పాఠం పెట్టుకుని, ఫోనుని అరచేతి మీద రెండుసార్లు తట్టి, మా అమ్మాయిని కేకేశారు.

"ఒసేవ్, ఈ ఫోను మళ్లీ పాడైనట్టుందే. మీ నాన్న పోయి గళ్ళు వస్తున్నాయి."

"శుభమా అని ఆ మాటలేంటమ్మా!" అని లోపల్నించి మా ఆవిడ.